డబ్బు రావడానికి పిన్ ఎందుకు?

పక్కింటి పిన్నిగారు పాత కూలర్ అమ్ముదామని సెకండ్ హ్యాండ్ యాప్‌లో ఫొటో పెట్టారు. ధర 4,500. పావుగంటలో మెసేజ్. ఆ చాట్ స్క్రీన్‌షాట్ ఇంకా నా ఫోన్లో ఉంది.

"మేడమ్, ఫైనల్. ఆర్మీలో చేస్తాను, డ్యూటీలో ఉన్నా. మనిషిని పంపిస్తా, డబ్బు ఇప్పుడే వేస్తా."

బేరం లేదు. మోటారు తిరుగుతుందా, నీళ్లు కారుతాయా అని ఒక్క మాట లేదు. నాకైతే అనుమానం అక్కడే వచ్చేది.

తర్వాత ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది. "టెస్టింగ్‌కి 5 రూపాయలు. స్కాన్ చేసి పిన్ కొట్టండి, 10 వస్తాయి." కొట్టారు. 5 పోయి, 10 వచ్చాయి. ఆ పదీ వాడు చేత్తో పంపినవే. కానీ స్కాన్ చేస్తే డబ్బు వస్తుందని పిన్నిగారికి నమ్మకం కుదిరింది. రెండో కోడ్‌కి 4,500 పోయాయి. "సారీ, రాంగ్ ఎంట్రీ. రిఫండ్‌కి ఇది స్కాన్ చేయండి" అంటూ 9,000కి మూడోది వచ్చాక మా తలుపు తట్టారు.

"రిసీవ్ పేమెంట్ అని స్క్రీన్ మీదే ఉంది కదరా!" అన్నారు. నిజమే, ఉంది. ఆ కోడ్‌ని విప్పితే లోపల ఉండేది ఇలాంటి వరస:

```
upi://pay?pa=...&am=4500&tn=RECEIVE%20PAYMENT
```

మొదట్లోనే `pay` అని ఉంది, అంటే చెల్లించు అని. `pa` డబ్బు చేరే ఖాతా, `am` మొత్తం. `tn` అంటే మనం డబ్బు పంపేటప్పుడు "అద్దె", "పాల డబ్బులు" అని రాసుకుంటామే, ఆ నోట్. కోడ్ తయారుచేసినవాడు అక్కడ ఏమైనా రాయొచ్చు. వాడు "రిసీవ్" అని రాశాడు, అంతే. యూపీఐ పిన్ మన ఖాతాలోంచి డబ్బు తీయడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో తప్ప, డబ్బు రావడానికి అక్కర్లేదు.

ఓటీపీ అడిగేవాళ్లదీ ఇదే వరస. "పేమెంట్ పంపాను, మీకొచ్చిన నంబర్ చెప్పండి" అంటారు. ఆ ఎస్సెమ్మెస్ మొత్తం చదివితే అది కార్డు చెల్లింపుదో, ఎక్కడో లాగిన్‌దో అని అందులోనే ఉంటుంది. జనం అంకెలు చూసి వదిలేస్తారు.

వెంటనే 1930కి ఫోన్ చేశాం. లావాదేవీకి 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, అది యాప్ హిస్టరీలో దొరుకుతుంది. అది, సమయం, మొత్తం చెప్పాలి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటేనే ఆపగలరు. చేతులు మారి ఏటీఎంలోంచి బయటికొచ్చేస్తే కష్టం. అందుకే గంటలు కాదు, నిమిషాలు లెక్క. చాట్ మాత్రం చెరిపేయకూడదు. పిన్నిగారు సిగ్గుతో చెరిపేయబోతుంటే నేనే ఆపాను.

కూలర్ మరుసటి వారం అమ్ముడుపోయింది. కొన్నాయన పది నిమిషాలు ఆన్ చేసి చూసి, గడ్డి పాతబడిందని 500 తగ్గించి, పిన్నిగారి ఫోన్లోని కోడ్‌ని తన ఫోన్‌తో స్కాన్ చేశాడు.