గోడ నుంచి నేల దాకా: మెట్టు మెట్టుగా ఒక పుష్-అప్



పోయిన కార్తీక మాసంలో ఒక సోమవారం నాడు గుడిలో సాష్టాంగ నమస్కారం చేశాను. చేయడం బాగానే చేశాను, లేవడమే రాలేదు. అరచేతులు నేలకి ఆనించి ఎంత నొక్కినా ఛాతీ పైకి లేవలేదు. చివరికి పక్కకి ఒరిగి, మోకాళ్ళు మడుచుకుని, పక్కనున్న ఒక పెద్దాయన చెయ్యి అందిస్తే లేచాను. నా వయసు యాభై ఎనిమిది, బరువు డెబ్బై కిలోలు. ఏజాక్స్‌లో ఎండాకాలమంతా సరస్సు ఒడ్డున రోజూ నడిచే మనిషిని. కాళ్ళకి ఏ లోటూ లేదు. కానీ నడక చేతులకి బలం ఇవ్వదు కదా.

ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. గుడిలో అయితే చెయ్యి అందించేవాళ్ళున్నారు. జనవరిలో డ్రైవ్‌వే మీద మంచులో జారి బోర్లా పడితే ఎవరున్నారు? బోర్లా పడిన మనిషి ముందుగా చేయాల్సింది చేతులతో నేలని నెట్టి ఛాతీ ఎత్తడం. పుష్-అప్ అంటే అదే. మన ఊళ్ళలో తాలింఖానాకి వెళ్ళే కుర్రాళ్ళు తీసే దండీలకి ఇది దగ్గరి చుట్టం. కాకపోతే దండీలో నడుము ఎత్తి, కిందికి ఈదినట్టుగా దిగుతారు. పుష్-అప్‌లో మాత్రం ఒళ్ళంతా కర్రలా నిటారుగా ఉండాలి.

ఒక్కటి కూడా తీయలేని మనిషి నేల మీద పడి ప్రయత్నిస్తే లాభం లేదు. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. 2011లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పుష్-అప్ చేసేటప్పుడు చేతుల మీద ఎంత భారం పడుతుందో కొలిచారు. నేల మీద పూర్తి పుష్-అప్‌లో ఒంటి బరువులో సుమారు 64 శాతం చేతుల మీద పడుతుంది. డెబ్బై కిలోల మనిషికి అది నలభై అయిదు కిలోలు. చేతులు ఒక అడుగు ఎత్తున పెడితే 55 శాతానికి, రెండు అడుగుల ఎత్తున పెడితే 41 శాతానికి తగ్గుతుంది. అంటే నాకు ముప్ఫై ఎనిమిది కిలోలు, ఇరవై తొమ్మిది కిలోలు. మోకాళ్ళు నేలకి ఆనించి చేస్తే 49 శాతం.

చాలామంది మోకాళ్ళ పద్ధతితోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 49 నుంచి 64కి మధ్యలో వేరే మెట్టు లేకపోవడం ఒక కారణం. పైగా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నడుమునీ తొడలనీ బిగించి ఉంచే పని సగం తప్పిపోతుంది. చేతుల ఎత్తు తగ్గిస్తూ వస్తే మాత్రం ఒళ్ళు మొదటి రోజు నుంచీ పూర్తి పుష్-అప్ ఆకారంలోనే ఉంటుంది, భారం మాత్రమే కొద్దికొద్దిగా పెరుగుతుంది. దానికి కావలసిన సామగ్రి మనందరి ఇళ్ళలోనూ ఉంది: ఒక గోడ, వంటింటి కౌంటరు, మేడ మెట్లు.

మొదట గోడ. గోడకి చేతి పొడవు దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో, భుజాలకన్నా కొంచెం ఎడంగా ఆనించండి. పిరుదులు బిగించి, కడుపు కొద్దిగా లోపలికి పట్టండి. గాలి పీలుస్తూ, రెండు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా ఛాతీని గోడ దగ్గరికి తేవాలి. ఒక క్షణం ఆగి, గాలి వదులుతూ నెట్టాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, రక్తపోటు ఉన్నవాళ్ళు అసలే కూడదు. మోచేతులు రెండు పక్కలకీ రెక్కల్లా విచ్చుకోకూడదు. పైనుంచి చూసేవాళ్ళకి మీ ఆకారం శిలువలా కాక బాణం మొనలా కనిపించాలి. పది చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టండి. మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చాలు.

పదిహేను చొప్పున మూడు విడతలు ఆకారం చెడకుండా వరసగా రెండు రోజులు వచ్చాయంటే, గోడతో పని అయిపోయినట్టే. తరవాత వంటింటి కౌంటరు. అది మామూలుగా మూడడుగుల ఎత్తు ఉంటుంది. అంచు మీద చేతులు పెట్టి, తల నుంచి మడమల దాకా ఒకే గీతలో ఉండేలా కాళ్ళు వెనక్కి జరపండి. ఇక్కడి నుంచి పన్నెండు చొప్పున మూడు విడతలు అన్నది కొలత. అవి రెండు రోజులు వస్తేనే కిందికి దిగాలి. ఊలు మేజోళ్ళతో చెక్క నేల మీద చేస్తే కాళ్ళు జారతాయి. మేజోళ్ళు విప్పండి, లేదా రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

ఆ తరవాత మేడ మెట్లు. అసలు పని జరిగేది ఇక్కడే. మెట్ల కింద నేల మీద కాళ్ళు పెట్టి, చేతులు మెట్టు అంచు దగ్గర ఆనించాలి. ఒక్కో మెట్టు సుమారు ఏడున్నర అంగుళాలు. కాబట్టి నాలుగో మెట్టు రెండున్నర అడుగుల ఎత్తు, మూడోది రెండు అడుగులకి కొంచెం తక్కువ, రెండోది అడుగుంపావు, మొదటిది అడుగు కన్నా తక్కువ. అంటే నాలుగో మెట్టు నుంచి నేల దాకా భారం నాలుగు చిన్న వాయిదాల్లో పెరుగుతుంది. మా ఇంట్లో మెట్ల కిందే వీధి తలుపు. చలికాలంలో బూట్ల నుంచి కారిన మంచు నీళ్ళు అక్కడే ఉంటాయి. ముందు అది తుడిచాకే పని మొదలుపెట్టేవాణ్ణి.

నా లెక్క ఇలా సాగింది. గోడ దగ్గర మూడు వారాలు, కౌంటరు దగ్గర అయిదు వారాలు. సంక్రాంతికి నాలుగో మెట్టు, జనవరి నెలాఖరుకి మూడో మెట్టు. ఫిబ్రవరిలో పెళ్ళికని మూడు వారాలు గుంటూరు వెళ్ళాను, అక్కడ ఒక్క రోజూ చేయలేదు. తిరిగి వచ్చాక మూడో మెట్టు మీద పన్నెండు రావాల్సింది ఏడే వచ్చాయి. బలం అంతా పోయిందని దిగులు పడకుండా నాలుగో మెట్టుకి వెళ్ళాను. రెండు వారాల్లో పాత చోటికి చేరాను.

రెండో మెట్టు దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. ఉగాది ముందు కుడి భుజం ముందువైపు, కిందికి దిగేటప్పుడు, ఒకే చోట సూదితో గుచ్చినట్టు నొప్పి మొదలైంది. కండరం అలిసిన నొప్పి ఇలా ఉండదు. అది రెండు పక్కలా సమానంగా, మర్నాడు వచ్చి రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకే పక్క, ఒకే బిందువులో, చేస్తుండగానే వచ్చే నొప్పి కీలుకి సంబంధించింది. దాన్ని ఓర్చుకుంటూ చేయకూడదు. మా అబ్బాయి పక్కనుంచి ఫోన్లో వీడియో తీసి చూపిస్తే తప్పు తెలిసింది. అలసిపోయేకొద్దీ నా మోచేతులు రెక్కల్లా విచ్చుకుంటున్నాయి, చేతులు ఛాతీ పక్కన కాక చెవుల వరసలోకి పోతున్నాయి. వారం ఆగి, మళ్ళీ మూడో మెట్టు మీద, చేతులు చంకల వరసలో ఉంచి నెమ్మదిగా చేశాను. నొప్పి మళ్ళీ రాలేదు.

రెండో తప్పు నడుము జారడం. మెట్టు దిగేకొద్దీ నడుము ఉయ్యాలలా కుంగుతుంది, లేదా దాన్ని తప్పించుకోవడానికి పిరుదులు పైకి లేస్తాయి. చేసేవాళ్ళకి ఇది తెలియదు. మా వాడి హాకీ కర్రని వీపు వెంట పెట్టించుకున్నాను. తల వెనక భాగం, వీపు పైభాగం, పిరుదుల మధ్య ఎముక, మూడూ కర్రకి తగులుతూ ఉండాలి. ఏదైనా ఎడమైతే ఆ విడత అక్కడితో ఆపాలి. వంకర ఆకారంతో తీసిన పన్నెండు లెక్కలోకి రావు, సరైన ఎనిమిదే లెక్క.

మొదటి మెట్టు మీద పన్నెండేసి వచ్చాక నేల. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. పైకి నెట్టలేని బరువుని కూడా మన కండరాలు నెమ్మదిగా కిందికి దించగలవు. అందుకని పుష్-అప్ పై భంగిమలో మొదలుపెట్టి, అయిదు అంకెలు లెక్కపెడుతూ ఛాతీని నేలకి దించండి. లేవడానికి మాత్రం మోకాళ్ళు ఆనించుకోండి. ఇలా మూడు చొప్పున మూడు విడతలు. సగంలో ధబ్బున పడిపోతుంటే మొదటి మెట్టు పని ఇంకా మిగిలి ఉన్నట్టు. అయిదు అంకెలూ నిలకడగా దిగగలిగిన రెండు మూడు వారాలకి ఒకటి పైకి వస్తుంది. నాకు విక్టోరియా డే సెలవు రోజున వచ్చింది. ఆ రోజు ఒక్కటే. రెండోదానికి సగంలో ఆగిపోయాను. మొదలుపెట్టి అప్పటికి ఆరు నెలలు దాటింది.

కొందరు ముందు డాక్టరుని అడగాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తపోటు అదుపులో లేనివాళ్ళు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్ళు, మణికట్టు విరిగి అతికినవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. మధుమేహం ఉన్నవాళ్ళలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. చెయ్యి నిటారుగా పైకి ఎత్తలేకపోతే ముందు భుజం సంగతి చూసుకోవాలి. చేస్తుండగా ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం వస్తే అక్కడే ఆపేయాలి. ఛాతీ బరువు తగ్గకపోతే 911కి ఫోన్ చేయాలి. మణికట్టు నొప్పి ఒక్కటే ఇబ్బంది అయితే, అరచెయ్యి చదునుగా పెట్టకుండా మెట్టు అంచుని వేళ్ళతో పట్టుకుని చూడండి. మణికట్టు వంపు తగ్గుతుంది.

అందరూ నేల దాకా రావాలని లేదు. డెబ్బై అయిదేళ్ళ మా అత్తగారు కౌంటరు దగ్గరే ఆగారు. సోఫాలోంచి చేతులు ఊని లేవడం తేలికైందని, ఆవిడకి అది చాలని అన్నారు. నేను ఇప్పుడు నేల మీద నాలుగు తీస్తున్నాను. మొన్న గుడిలో సాష్టాంగం చేసి లేచేటప్పుడు ఆ పెద్దాయన అలవాటుగా చెయ్యి చాచారు. నమస్కారం పెట్టి, నా అంతట నేనే లేచాను.