మొజార్ట్ నాలుగు బార్లు, ఒకే కార్డ్

పియానో నేర్చుకునేవాళ్ల కోసం మొజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటా, కె. 545, మొదటి నాలుగు బార్లనే తీసుకుందాం. సి ని షడ్జమం అనుకుంటే అన్నీ శంకరాభరణం స్వరాలే. మొదటి బార్ స గ ప. రెండోది ని, విసురుగా సరి, మళ్లీ స. మూడోది ద ప, ఆపైన తారస్థాయి స. నాలుగోది ప, ట్రిల్‌తో మ, చివరికి గ. కింద ఎడమ చెయ్యి రెండో బార్ నుంచి ప్రతి బార్‌లోనూ కార్డ్ మారుస్తూ వెంటనే మొదటిదానికే వస్తుంది. ఇదంతా ఒక్క టానిక్ కార్డ్ సాగదీతే అని చూపించే పద్ధతిని వియన్నా పండితుడు హైన్రిఖ్ షెంకర్ (1868–1935) రూపొందించాడు. అలంకారాలను పొరలు పొరలుగా తీసేస్తూ పోవడమే ఆ పద్ధతి.

మొదటి పొరలో ట్రిల్, ఆ విసురు పోతాయి. అది తేలిక. చిక్కంతా మూడో బార్‌లో ఉంది. అక్కడ ద బలమైన తాళం మీద పడుతుంది, ప కంటే రెట్టింపు సేపు మోగుతుంది. అందుకే చాలామంది ద ని ఉంచి ప ని కొట్టేస్తారు. కానీ ఆ రెండింటి కిందా బాస్ స మీదే ఉంది. టానిక్ కార్డ్‌లో ఉన్నది ప. ద దానిలోకి దిగిపోయే పొరుగు స్వరం. నిడివి చూసి నిర్ణయిస్తే ఇక్కడ తప్పుతాం.

రెండో బార్ ఇంకా రుచికరం. ప నుంచి రాగం ఒక్కసారిగా కింది ని కి దూకుతుంది. నిజానికి అక్కడ ఒకే గీత రెండు గొంతులుగా చీలింది. కింది గొంతు స ని స అంటుంది. పై గొంతు ప దగ్గర ఆగి, మూడో బార్‌లో ద ప అంటూ అందుకుని, మ మీదుగా గ కి దిగుతుంది. తారస్థాయి స అన్నిటికంటే ఎత్తున ఉన్నా ఆ కార్డ్‌లోదే, గీతకు కప్పు మాత్రమే. ఇక మిగిలేది స మీద ప మ గ. దారిలో తగిలే మ ని కూడా తీసేస్తే స గ ప.

అడుగున డామినెంట్ కార్డ్ రెండుసార్లు వస్తుంది కదా, మరి టానిక్ తెగిపోలేదా? బాస్ వినండి: స, రి, స, ఆ తర్వాత ని, స. డామినెంట్ వచ్చినప్పుడు ఒక్కసారీ మంద్ర ప మీద నిలబడలేదు, షడ్జమం పైనా కిందా తచ్చాడింది. నాలుగో బార్‌లో ఎడమ చేతితో ని బదులు మంద్ర ప వాయించి చూడండి, వెంటనే ముగింపులా వినిపిస్తుంది.

మొత్తం కదలికకు మూల స్వరం ప నా, గ నా అన్న తగువు మాత్రం ఈ నాలుగు బార్లతో తీరదు. దానికి మిగతా పుటలన్నీ తిప్పాలి. ఐదో బార్‌లో స్వరాల పరుగు మొదలై, ఎడమ చెయ్యి మ కార్డ్‌కి జరుగుతుంది. సాగదీత గీత అక్కడే ఆపాలి.