మ్యాచ్ రోజు ఆదాయం, స్టేడియం పేరు: ఆర్సెనల్ క్లబ్ బడ్జెట్

ఒక ఫుట్‌బాల్ క్లబ్ బడ్జెట్‌లో టిక్కెట్ల డబ్బు ఎంత, స్టేడియం పేరు అమ్మితే వచ్చే డబ్బు ఎంత అన్నది లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్ లెక్కలతో చూద్దాం.

2006 వరకు ఈ క్లబ్ హైబరీ మైదానంలో ఆడేది. అక్కడ సీట్లు సుమారు 38,000. ఆ ఏడాది 60,000 సీట్ల కొత్త స్టేడియానికి మారింది. మ్యాచ్ రోజు ఆదాయం 4.4 కోట్ల పౌండ్ల నుంచి 9 కోట్లకు చేరింది. సీట్లు ఒకటిన్నర రెట్లు కాగా ఆదాయం రెండింతలు దాటడం గమనించండి. మధ్య అంతస్తులో ఏడు వేలకు పైగా ఖరీదైన సీట్లు, వాటికి తోడు ప్రత్యేక గదులు పెట్టడం దీనికి ముఖ్య కారణం. టిక్కెట్ ధర కూడా ప్రత్యర్థిని బట్టి మారుతుంది. పెద్ద జట్టు వస్తే ఎక్కువ, చిన్న జట్టు వస్తే తక్కువ.

ఏడాదికి సొంత మైదానంలో పాతిక మ్యాచ్‌లు అనుకుంటే, ఒక్కో మ్యాచ్‌కు సుమారు 36 లక్షల పౌండ్లు.

ఇప్పుడు పేరు సంగతి. 2004లో ఎమిరేట్స్ విమానయాన సంస్థతో 10 కోట్ల పౌండ్ల ఒప్పందం కుదిరింది. స్టేడియానికి 15 ఏళ్లు ఆ సంస్థ పేరు, ఆటగాళ్ల చొక్కాలపై 8 ఏళ్లు దాని ప్రకటన. 15తో భాగిస్తే సగటున ఏడాదికి 67 లక్షలు, అంటే రెండు మ్యాచ్‌ల రాబడి కన్నా తక్కువే! మరి ఎందుకు ఒప్పుకున్నారు? స్టేడియం కట్టడానికి సుమారు 39 కోట్ల పౌండ్లు కావలసి వచ్చింది. మ్యాచ్ ఆదాయం స్టేడియం పూర్తయ్యాకే వస్తుంది. పేరు డబ్బు మాత్రం ముందే ఖాయమైంది. నా దృష్టిలో ఇది తప్పుడు బేరం కాదు, అవసరం కొద్దీ చేసిన బేరం. మూల్యం మాత్రం ఉంది: తర్వాతి ఏళ్లలో ప్రకటనల ధరలు పెరిగినా ఆర్సెనల్ పాత ధరకే కట్టుబడి ఉండాల్సి వచ్చింది. 2012లో 15 కోట్ల పౌండ్లతో ఒప్పందాన్ని తిరగరాసుకున్నాకే ఆ ఇబ్బంది తగ్గింది. పేరు హక్కుకు హద్దులూ ఉన్నాయి. యూరప్ స్థాయి పోటీల్లో ఆ మైదానాన్ని ‘ఆర్సెనల్ స్టేడియం’ అనే పిలుస్తారు.

సీజన్ టిక్కెట్ విషయంలో విద్యార్థులు తరచూ పొరబడతారు. ఆర్సెనల్ సీజన్ టిక్కెట్‌లో 19 లీగ్ మ్యాచ్‌లతో పాటు ఏడు కప్ మ్యాచ్‌లూ కలిపి అమ్మేవారు. డబ్బు వేసవిలోనే బ్యాంకుకు చేరుతుంది. అయితే మ్యాచ్ జరిగే వరకు అది ఆదాయం కాదు, అప్పుల పక్కన చూపాల్సిన బాధ్యత. కప్పు పోటీలో జట్టు తొందరగా ఓడి ఏడు మ్యాచ్‌లు పూర్తికాకపోతే, ఆ మేరకు మరుసటి ఏడాది ధరలో తగ్గించాలి. వేసవిలో బ్యాంకు నిల్వ చూసి ఆటగాళ్ల జీతాలు పెంచే క్లబ్ ఇక్కడే దెబ్బతింటుంది.

ఈ ఆదాయం ఎంత సున్నితమో కోవిడ్ కాలం చూపింది. 2018-19లో 9.6 కోట్ల పౌండ్లున్న ఆర్సెనల్ మ్యాచ్ రోజు ఆదాయం, గేట్లు దాదాపుగా మూసి ఉన్న 2020-21లో 38 లక్షలకు పడిపోయింది. స్టేడియం మీద ఎమిరేట్స్ పేరు మాత్రం అలాగే ఉంది.