తెలంగాణ కథని మన పల్నాడు మాటలో చెప్పాలంటే

పిడుగురాళ్ల నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ ఒక్క వాక్యమే చూద్దాం. తెలంగాణ అమ్మాయి చెప్పే కథలోది:

“నన్ను హాస్టల్‌కు పంపేటప్పుడు మా అవ్వ, ‘పైలం బిడ్డా, దూపయితది, నీళ్లు పట్కపో, సక్కగ పో’ అన్నది.”

అక్కడ చాలా ఊళ్లలో అవ్వంటే అమ్మ. మన దగ్గర ముసలామె. అట్టాగే ఉంచేస్తే కథలో తల్లే మాయం! దూప అంటే దాహం, ధూపం కాదు. ‘సక్కగ పో’ అంటే తిన్నగా పొమ్మని. పైలం అంటే జాగ్రత్త.

మన మాటలో: “నన్ను హాస్టల్‌కి పంపేటప్పుడు మా అమ్మ, ‘జాగ్రత్తమ్మా, దాహం వేసిద్ది, నీళ్లు తీసుకుపో, తిన్నగా పో’ అంది.”

ఇందులో యాస ఎక్కడుంది? ‘వేసిద్ది’లో. అంతే, అది చాలు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. వాక్యానికో ‘ఏంది’, ‘ఎట్టా’ తగిలించి, సినిమాలో ఫ్యాక్షన్ మనిషిలా అరిపిస్తారు. పాపం, ఆ తల్లి కూతుర్ని సాగనంపుతోంది కదా!

రాశాక మన ఊరి పెద్దావిడ ఎవరికైనా చదివి వినిపించండి. కళ్లు చెమర్చాల్సిన చోట ఆమె నవ్విందంటే, యాస ఎక్కువైనట్టే.

ఇంకోటి. కథ కరీంనగర్‌లోనే జరుగుతుంటే మాత్రం నేను తల్లి మాటల్ని ముట్టుకోను. ‘పైలం బిడ్డా’ అలాగే ఉంచి, చుట్టూ ఉన్న కథనాన్నే మారుస్తా.