ఆకాశంలో నలుసులు

చార్మినార్ మినార్ పక్క నుంచి తొంగిచూసే సూర్యుడు నక్షత్రంలా కిరణాలు విరజిమ్మాలంటే ఫోటోగ్రాఫర్లు అపెర్చర్‌ని f/16 దాకా కుదిస్తారు. కిరణాలు చక్కగా వస్తాయి. ఇంటికొచ్చి ఫోటోని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం నిర్మలంగా ఉండాల్సిన ఆకాశంలో అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి.

అవి లెన్స్ మీది దుమ్ము కాదు. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా లోపలికి దూరిన నలుసు, సెన్సార్ ముందుండే పల్చటి గాజు పలక మీద వాలుతుంది. ఫోటోలో పడేది దాని నీడ. f/2.8లో వెలుగు పెద్ద ద్వారం గుండా అనేక కోణాల్లో వస్తుంది కాబట్టి ఆ నీడ చెదిరిపోతుంది. ద్వారం కుదించేకొద్దీ నీడ చిన్నదై, ముదురుతుంది. గోడ మీదో చెట్టు మీదో పడితే ఎవరికీ ఆనదు. నున్నటి ఆకాశం మీద దాగడానికి దానికి చోటే లేదు.

తుడిచే ముందు అది దుమ్మేనని తేల్చుకోవాలి. సంక్రాంతి రోజుల్లో పాతబస్తీ మీద ఎగిరే గాలిపటం, ఎత్తున తిరిగే గద్ద కూడా ఇంతే చుక్కగా కనిపిస్తాయి. వరసగా తీసిన రెండు మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. దుమ్ము మచ్చ అన్నిట్లోనూ ఫ్రేములో అదే చోట ఉంటుంది, గాలిపటం జరుగుతుంది. ఉన్న గాలిపటాన్ని చెరిపేయడం నా దృష్టిలో ఫోటోని పాడుచేయడమే.

ఫోటోషాప్‌లో ముందు పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచండి. ఆకాశం వికారంగా కనిపిస్తుంది కానీ దాగిన మచ్చలన్నీ బయటపడతాయి. ఈ లేయర్ తనిఖీ కోసమే. దాని కింద, ఫోటో పైన, ఒక ఖాళీ లేయర్ పెట్టి పని అంతా దాని మీదే చేస్తే అసలు ఫోటో చెక్కుచెదరదు. స్పాట్ హీలింగ్ బ్రష్‌కి Sample All Layers పెట్టుకోవాలి. కర్వ్స్ ప్రభావం అందులో కలిసిపోకుండా, మచ్చ చోటు గుర్తుపట్టాక ఆ లేయర్‌ని ఆపేసి బ్రష్ వాడాలి.

బ్రష్ సైజు మచ్చ కంటే కాస్త పెద్దదిగా, దాని చుట్టూ ఉండే మసక అంచుని కూడా కప్పేలా ఉండాలి. ఒక్క క్లిక్ చాలు, రుద్దక్కర్లేదు. హీలింగ్ పక్క నుంచి ఆకాశపు సన్నటి రేణువుల్లాంటి నాయిస్‌ని తెచ్చి, దాని రంగునూ వెలుగునూ మచ్చ చుట్టూ ఉన్నదానికి సరిపోల్చుతుంది. సూర్యుడి నుంచి దూరమయ్యేకొద్దీ ఆకాశం నీలం ముదురుతూ పోయినా అతుకు కనబడనిది అందుకే. బ్రష్ చిన్నదైతే మాత్రం మచ్చ అంచునే చుట్టుపక్కల రంగుగా లెక్కేసుకుని, మురికి మరకని మిగులుస్తుంది.

ఇప్పుడు ఒక మచ్చ సరిగ్గా మినార్ కొసకి ఆనుకుని ఉందనుకుందాం. హీలింగ్ బలమే ఇక్కడ చిక్కు తెస్తుంది. చుట్టూ ఉన్న రంగుల్లో మినార్ నలుపు కూడా ఉంది కాబట్టి దాన్నీ కలుపుకుంటుంది. కొస చుట్టూ పొగలాంటి మసక వస్తుంది, ఒక్కోసారి మినార్ ముక్కే ఆకాశంలో మొలుస్తుంది. ఇలాంటప్పుడు క్లోన్ స్టాంప్ నయం. అది దేన్నీ కలపదు, మనం చూపిన చోటుని ఉన్నదున్నట్టు అచ్చువేస్తుంది.

కలపదు గనకే ఎక్కణ్ణుంచి తీసుకుంటున్నామన్నది మన బాధ్యత. మచ్చ సూర్యుడికి ఎంత దూరంలో ఉందో దాదాపు అంతే దూరంలో ఉన్న ఆకాశాన్ని Alt నొక్కి క్లిక్ చేయండి. సూర్యుడికి దగ్గరగా తీసుకుంటే తెల్లటి అతుకు, దూరంగా తీసుకుంటే నల్లటి అతుకు పడుతుంది. బ్రష్ అంచు మినార్ అంచంత పదునుగా ఉండాలి. మరీ మెత్తని బ్రష్ కొసని తినేస్తుంది, మరీ గట్టిది కత్తిరించినట్టు కనిపిస్తుంది.

మచ్చ మొత్తాన్నీ క్లోన్‌తో తుడవాల్సిన పనిలేదు. మినార్‌కి ఆనిన భాగాన్ని క్లోన్ చేసి, మధ్యలో సన్నటి శుభ్రమైన ఆకాశపు పట్టీ తయారుచేయండి. మినార్ నుంచి విడివడ్డ మిగతా మచ్చని హీలింగ్‌కి వదిలేయండి. రెండిటి మధ్య ఈ పని పంపకమే నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

చివర్లో కర్వ్స్ లేయర్ మళ్లీ వెలిగించి, ఫోటోని 100 శాతం సైజులో చూడండి. చుట్టూ నాయిస్ ఉండి ఒక్కచోట నున్నగా కనిపించినా, ఒకే ఆకారం రెండుచోట్ల కనిపించినా ఆ చోటు మళ్లీ చేయాలి. తర్వాత కర్వ్స్ లేయర్‌ని తీసేయండి.

ఆ ఉదయం తీసిన మిగతా ఫోటోల్లోనూ మచ్చలు అవే చోట్ల ఉంటాయి. లైట్‌రూమ్‌లో అయితే ఖాళీ ఆకాశంలో చేసిన హీలింగ్‌ని వాటన్నిటికీ ఒకేసారి వర్తింపజేయవచ్చు. మినార్ కొస దగ్గరి మచ్చని మాత్రం ప్రతి ఫోటోలోనూ విడిగా చూసుకోవాలి, ఎందుకంటే కెమెరా కాస్త కదిలినా మినార్ ఫ్రేములో చోటు మారుతుంది, మచ్చ మారదు.