చివరిసారి వ్యాయామం ఎప్పుడు చేశారు?

ఒక యాప్‌ను వాడేవాళ్లు వేలల్లో, లక్షల్లో ఉంటారు. అందరినీ మనసులో పెట్టుకొని దాన్ని తయారు చేయడం ఎవరివల్లా కాదు. అందుకని తయారీ బృందాలు ఒకే తీరుగా నడుచుకునే కొందరిని ఒక చోట చేర్చి, వాళ్లకు ప్రతినిధిగా ఒక వ్యక్తిని కాగితం మీద రాసుకుంటాయి. ఆ వ్యక్తికి ఒక పేరు, ఒక ఇల్లు, రోజు గడిచే తీరు ఉంటాయి. ఏం ఆశించి యాప్ తెరుస్తారో, ఎక్కడ విసుగొచ్చి మూసేస్తారో కూడా అందులో ఉంటుంది. దీన్ని పర్సోనా అంటారు. వ్యక్తి కల్పితమే కానీ, వివరాలు నిజమైన మనుషుల నుంచి రావాలి.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికన్ సాఫ్ట్‌వేర్ రూపకర్త అలన్ కూపర్. 1983లో ప్రాజెక్టుల నిర్వహణకు ఒక ప్రోగ్రామ్ రాస్తూ, అలాంటి పనులు చేసే కొందరితో ఆయన మాట్లాడాడు. వాళ్లలో ఒక ప్రకటనల సంస్థ ఉద్యోగిని పని తీరు ఆయన మనసులో నిలిచిపోయింది. మధ్యాహ్నం నడకకు వెళ్లినప్పుడు తనే ఆమె అయినట్టు పాత్రలోకి దూరి, ప్రోగ్రామ్‌లో ఏ సదుపాయం ఆమెకు నిజంగా అవసరమో తేల్చుకునేవాడు. తర్వాత 1990ల చివర్లో వచ్చిన ఆయన పుస్తకం ద్వారా పర్సోనా అనే మాట పరిశ్రమంతా పాకింది. పాకే క్రమంలో మాట మిగిలింది, ముందు జరగాల్సిన సంభాషణలు చాలా చోట్ల జారిపోయాయి. సమావేశపు గదిలో కూర్చొని ఒక గంటలో రాసేసిన పర్సోనాలే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తాయి.

తేడా ఎంత ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. హైదరాబాద్‌లో ఒక చిన్న బృందం తెలుగులో ఫిట్‌నెస్ యాప్ నడుపుతోందనుకుందాం. అందులో ఇంట్లో చేసుకునే వ్యాయామాల వీడియోలు, అడుగుల లెక్క, రోజూ ఉదయం 6 గంటలకు ఒక హెచ్చరిక, వరుసగా ఎన్ని రోజులు చేశారో చూపించే గొలుసు ఉన్నాయి. డౌన్‌లోడ్లు బాగానే ఉన్నా, నెల తిరగకముందే ఎక్కువ మంది మానేస్తున్నారు. గోడ మీద ఉన్న పర్సోనా పేరు రాహుల్. వయసు 28, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బరువు తగ్గాలి, స్నేహితులతో పోటీ పడాలి, రోజుకు 10,000 అడుగులు వేయాలి. రాహుల్ నిజానికి ఆ బృందం అద్దంలో చూసుకున్న తన ముఖమే. ఆ 10,000 కూడా వైద్య పరిశోధనలోంచి పుట్టిన అంకె కాదు, 1960ల మధ్యలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది.

ఇంటర్వ్యూలకు ముందు తేల్చుకోవాల్సింది ఎవరితో మాట్లాడాలన్నది. రోజూ వాడేవాళ్లు దొరకడం తేలిక, మాట్లాడటానికి ఉత్సాహంగా కూడా ఉంటారు. కానీ యాప్ ఎందుకు కుదరలేదో వాళ్లకు తెలియదు. కాబట్టి ఈ ఉదాహరణలో 14 మందిని ఇలా ఎంచుకుంటారు: 5 మంది వాడుతున్నవాళ్లు, 5 మంది నెలలోపు మానేసినవాళ్లు, 4 మంది ఏ యాపూ లేకుండా వ్యాయామం చేస్తున్నవాళ్లో, చేద్దామని మొదలుపెట్టి వదిలేసినవాళ్లో. ఉద్యోగుల బంధుమిత్రులను పిలవరు. వాళ్లు మొహమాటానికి మెచ్చుకుంటారు.

ఇంత కొద్దిమంది సరిపోతారా అన్న సందేహం సహజం. ఘనా, నైజీరియాల్లో 60 ఇంటర్వ్యూలు చేసిన ఒక బృందం 2006లో తన ఫలితాలను ప్రచురించింది. మొదటి 12 ఇంటర్వ్యూలు ముగిసేసరికే కొత్త విషయాలు రావడం దాదాపు ఆగిపోయిందని వాళ్లు గమనించారు. అయితే అది ఒకే తరహా మనుషులను ఒకే విషయం గురించి అడిగిన సందర్భం. మనుషుల్లో వైవిధ్యం పెరిగితే సంఖ్య కూడా పెరగాలి. ఆచరణలో గుర్తు ఒక్కటే: వరుసగా రెండు మూడు ఇంటర్వ్యూల్లో కొత్త సంగతేదీ బయటపడకపోతే ఆపవచ్చు, ఇంకా వస్తుంటే కొనసాగించాలి.

అసలు నేర్పు ప్రశ్నల్లో ఉంది. వ్యాయామం గురించి అడిగితే మనుషులు తాము ఎలా ఉండాలనుకుంటారో అది చెబుతారు. “వారానికి ఎన్ని రోజులు చేస్తారు?” అంటే “నాలుగైదు రోజులండీ” అని జవాబు వస్తుంది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఉండదు, బాగా గడిచిన వారమే గుర్తుంటుంది. “ఈ సదుపాయం పెడితే వాడతారా?” అన్న ప్రశ్న మరీ పనికిరానిది, అందరూ వాడతామనే అంటారు. అందుకే జరిగిపోయిన ఒక్క సంఘటనను పట్టుకొని, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకోవాలి. యాప్ మానేసిన ఒక గృహిణితో సంభాషణ ఇలా సాగవచ్చు:

“చివరిసారి వ్యాయామం ఎప్పుడు చేశారండీ?”

“మొన్న సోమవారం. సాయంత్రం డాబా మీద నడిచాను.”

“అప్పుడు ఫోన్ ఎక్కడుంది?”

“కింద వంటింట్లో, చార్జింగ్‌లో. నైటీకి జేబు ఉండదు కదా, చేత్తో పట్టుకొని ఎవరు నడుస్తారు?”

“మరి ఆ రోజు యాప్‌లో ఎన్ని అడుగులు చూపించింది?”

“అదే కదా నా కోపం! పొద్దున్నుంచీ ఇల్లంతా తిరిగినా ఎనిమిది వందలు చూపించింది. నేనేమీ చెయ్యలేదన్నట్టు. ఇంక చూడటం మానేశాను.”

ఫోన్ ఎక్కడుంది అన్న ప్రశ్న ముందుగా రాసుకున్న జాబితాలో ఉండకపోవచ్చు. సంఘటన నడుస్తుంటే దానంతటది వస్తుంది. మానేయడానికి కారణం బద్ధకం అనుకున్న బృందానికి, యాప్ ఆమె శ్రమను లెక్కలోకే తీసుకోలేదని ఇక్కడ తెలుస్తుంది. ఇంటర్వ్యూ వాళ్లింట్లోనే జరిగితే ఇంకా మేలు. హాల్లో టీవీ ముందు ఎవరు కూర్చుంటారు, చాప పరచుకునే చోటు ఎంత, వీడియో పెడితే ఎవరికి వినబడుతుంది అనేవి అడగకుండానే కనిపిస్తాయి. 45 నిమిషాల నుంచి గంట సమయం, అడిగేవారు ఒకరు, రాసుకునేవారు ఒకరు, అనుమతి తీసుకొని రికార్డింగ్ – ఏర్పాట్లు ఇంతకు మించి అక్కర్లేదు. ఎదుటివాళ్లు ఆగినప్పుడు వెంటనే మాట అందించకుండా కాసేపు ఊరుకోగలగడం మాత్రం కష్టపడి అలవాటు చేసుకోవాలి.

ఇంటర్వ్యూలు అయ్యాక చేయాల్సిన పని చాలామంది తప్పుగా చేస్తారు. వయసు, ఆడ మగ, జీతం ప్రకారం మనుషులను విడదీస్తారు. కూపర్ సంప్రదాయంలో విభజన ప్రవర్తనను బట్టి జరుగుతుంది. వ్యత్యాసం కనబడిన ప్రతి అంశానికీ గోడ మీద ఒక అడ్డగీత గీస్తారు. ఈ ఉదాహరణలో ఐదు గీతలు వస్తాయి. వ్యాయామం మొదలుపెట్టించింది డాక్టరు మాటా, సొంత కోరికా? రోజులో సమయం తన చేతిలో ఉందా, ఇతరుల చేతిలోనా? చేసే చోటు ఏకాంతమా, నలుగురి మధ్యా? ఫోన్ ఒంటి మీదే ఉంటుందా, ఎక్కడో ఉంటుందా? నాలుగు రోజులు ఆగిపోతే మళ్లీ మొదలుపెడతారా, అంతటితో వదిలేస్తారా?

ఒక్కో గీత మీద 14 మందినీ వాళ్ల వాళ్ల స్థానంలో గుర్తిస్తారు. ఎక్కువ గీతల మీద పక్కపక్కనే పడుతున్నవాళ్లు ఎవరో అప్పుడు కనిపిస్తుంది. ఇక్కడ రెండు గుంపులు తేలాయనుకుందాం. మొదటి గుంపులో ఐదుగురు. డాక్టరు చెబితే మొదలుపెట్టారు, సమయం ఇంటి చేతిలో ఉంది, ఫోన్ దూరంగా ఉంటుంది, ఆగితే తప్పు చేసినట్టు భావించి వదిలేస్తారు. వీళ్లలో 32 ఏళ్ల స్త్రీ ఉంది, దుకాణం చూసుకునే 58 ఏళ్ల పురుషుడూ ఉన్నాడు. వయసుతో విభజించి ఉంటే వీళ్లు ఎప్పటికీ ఒక చోట చేరేవారు కాదు. రెండో గుంపులో నలుగురు, అమెరికా వేళల్లో పనిచేసే ఉద్యోగులు. సమయం వాళ్లదే, కానీ వాళ్ల రోజు మధ్యాహ్నం మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. రాత్రి ఒంటిగంటకు ఆఫీసు ఆవరణలో నడిచిన నడకను యాప్ మర్నాటి ఖాతాలో వేస్తుంది, గొలుసు తెగిందంటుంది. ఉదయం 6 గంటల హెచ్చరిక వాళ్లు నిద్రలోకి జారుకునే వేళకు మోగుతుంది.

పక్కపక్కన పడినంత మాత్రాన గుంపు అయిపోదు. ఆ లక్షణాలు ఒకదానికొకటి ఎందుకు ముడిపడ్డాయో చెప్పగలగాలి. సమయం తన చేతిలో లేనివారు వరుసగా రోజూ చేయలేరు, కాబట్టి గొలుసు తెగుతుంది, కాబట్టి ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఇందులో కారణం ఉంది. ఐదుగురి దగ్గరా ఒకే కంపెనీ ఫోన్ ఉండటం యాదృచ్ఛికం, దాన్ని వదిలేయాలి. మిగిలిన ఐదుగురు ఏ గుంపులోనూ పడకపోతే బలవంతంగా ఇరికించనక్కర్లేదు. సగటు తీయడం అంతకంటే పెద్ద పొరపాటు. పగటి మనిషినీ రాత్రి మనిషినీ కలిపి సగం చేస్తే, అలా బతికే మనిషి ఊళ్లో ఎక్కడా ఉండడు.

రాత అప్పుడు మొదలవుతుంది. మొదటి గుంపు పర్సోనా ఇలా ఉండవచ్చు: “లక్ష్మి, 44. షుగరు మొదలయ్యేలా ఉందని డాక్టరు అన్నాక నడక మొదలుపెట్టింది. వంట, పిల్లల పరీక్షలు, అత్తగారి మందులు అయ్యాక దొరికిన ఇరవై నిమిషాలే ఆమెవి, అవి రోజుకో వేళకు దొరుకుతాయి. ఫోన్ వంటింట్లో ఉంటుంది. తర్వాతి రక్తపరీక్షలో అంకె తగ్గాలి, అదే ఆమె లక్ష్యం. పోటీల పట్టిక చూస్తే సిగ్గుపడుతుంది.” ఒక్కో వాక్యం పక్కన అది ఏ ఇంటర్వ్యూల నుంచి వచ్చిందో సంఖ్యలు వేస్తారు. మాట్లాడినవాళ్ల అసలు పేర్లు, గుర్తుపట్టగల వివరాలు మాత్రం ఎక్కడా రానివ్వరు. ఒకే ఒక్కరి కథను లక్ష్మి అని దించేసినా అది పర్సోనా కాదు. ఆమెకు ఇష్టమైన సినిమా, కాఫీ వంటి అలంకారాలు రాయడం సరదాగానే ఉంటుంది గానీ వాటివల్ల యాప్‌లో ఒక్క బటన్ కూడా మారదు.

లక్ష్మి వల్ల మారేవి ఇవి: ఫోన్ లేకుండా నడిచిన ఇరవై నిమిషాలను చేత్తో నమోదు చేసే వీలు, వరుస రోజుల గొలుసు బదులు వారానికి ఎన్నిసార్లు అన్న లెక్క, ఆగి తిరిగొచ్చినప్పుడు నిందలేని పలకరింపు. రెండో పర్సోనా వల్ల రోజు ఎప్పుడు మొదలవ్వాలో వాడేవారే నిర్ణయించుకుంటారు. రాహుల్ కోసం కట్టబోయిన పోటీల పట్టిక పని జాబితాలో కిందికి జారుతుంది.

ఈ పద్ధతి చెప్పలేనిది కూడా ఒకటుంది. క్రిస్టఫర్ చాప్‌మన్, రస్సెల్ మిల్‌హామ్ అనే పరిశోధకులు 2006లో దీన్ని గట్టిగా విమర్శించారు. ఒక పర్సోనా ఎంతమంది అసలు వినియోగదారులకు ప్రాతినిధ్యం వహిస్తుందో తేల్చే మార్గం లేదన్నది వాళ్ల ప్రధాన అభ్యంతరం. అది న్యాయమైనదే. 14 మందిలో ఐదుగురు లక్ష్మిలా ఉన్నారంటే వాడేవాళ్లలో మూడో వంతు అలాంటివాళ్లని అర్థం కాదు, ఎందుకంటే ఆ 14 మందిని ఏరి కూర్చింది బృందమే. ఎంతమంది అన్నది యాప్‌లోని వాడుక లెక్కల్లో వెతకాలి. రోజుకో వేళకు తెరిచేవాళ్లు, గొలుసు తెగిన రోజు నుంచి మళ్లీ రానివాళ్లు ఎందరో అక్కడ దొరుకుతుంది. ఆ లెక్కకూ పర్సోనాకూ పొంతన కుదరకపోతే మళ్లీ కొందరితో మాట్లాడాలి. యాప్ స్మార్ట్ వాచీల మీదికో, వేరే భాషలోకో వెళ్లినప్పుడు కూడా కొత్త ఇంటర్వ్యూలు చేయాల్సిందే. చేతికి వాచీ ఉన్నవారి గురించి ఫోన్ వంటింట్లో వదిలే లక్ష్మి ఏమీ చెప్పలేదు.