ఎరువు అమ్మితే చిల్లర, చెత్త చూస్తే జీతం

హైదరాబాద్‌లో మిద్దె తోటలు పెరిగాక కంపోస్టుకు గిరాకీ ఏర్పడింది. చేతిలో ఐదారు వేలే ఉన్నవాళ్లకు ఇది తేలిక వ్యాపారంలా కనిపిస్తుంది. లెక్క వేస్తే మాత్రం ఉత్సాహం తగ్గుతుంది. కూరగాయల తొక్కల్లో ముప్పాతిక పైగా నీళ్లే. 100 కిలోల తొక్కలకు ఎండుటాకులు కలిపి రెండు నెలలు మాగబెట్టి జల్లెడ పడితే ముప్పై కిలోలు రావడం గొప్ప. కిలో 20 రూపాయలనుకున్నా చేతికొచ్చేది 600.

అసలు డబ్బు చెత్త తయారయ్యేచోటే ఉంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే సముదాయాలు తడిచెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలన్నాయి. అంత పెద్ద గేటెడ్ కమ్యూనిటీల పని కంపెనీలు పట్టుకుపోతాయి. ఒంటిమనిషికి సరిపోయేవి చిన్న అపార్ట్‌మెంట్లు. నలభై ఫ్లాట్లుంటే, ఇంటికి అరకిలో చొప్పున రోజుకు 20 కిలోల తడిచెత్త. ఫ్లాటుకు నెలకు 60 రూపాయలిచ్చేలా ఒప్పుకుంటే 2,400. డ్రమ్ములు అసోసియేషనే కొంటుంది కాబట్టి పెట్టుబడి పార, జల్లెడ, గ్లౌజుల వరకే. పక్కపక్కనే నాలుగు అపార్ట్‌మెంట్లు దొరికితే 9,600 వస్తుంది. పైగా ఎరువు.

ఈ పనిని ముంచేది వాసన. ఒక్కరోజు కంపు కొట్టినా కింది ఫ్లాటువాళ్లు డ్రమ్ములు తీసేయమంటారు. అందుకే ఒక బకెట్ తడిచెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు వేసి, వారానికి రెండుసార్లు తిరగేయాలి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడి కావాలి గానీ నీళ్లు కారకూడదు. కారితే ఆకులు చాల్లేదన్నమాట. కుళ్లిన కోడిగుడ్డు కంపు వస్తే లోపలికి గాలి ఆడటం లేదు. ముక్కుపుటాలదిరే ఘాటైతే మళ్లీ ఆకులే తక్కువ. లావుపాటి పురుగులు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, చాలాసార్లు అవి చెత్తను తినిపెట్టే ఈగ లార్వాలే. వాటిని చూసి కేకలేసే ఫ్లాటువాళ్లకు నచ్చజెప్పడమే కష్టం.

వానాకాలంలో ఎండుటాకులు దొరకవు. చెట్లు ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చిలో వీధులూడ్చేవాళ్లు తగలబెట్టకముందే గోనెసంచుల్లో నింపుకోవాలి. అవీ అయిపోతే వడ్రంగి దుకాణంలో రంపపు పొట్టు అడగవచ్చు. ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది.

మాగిందో లేదో తెలియాలంటే ఎరువు కలిపిన మట్టిలో పది మెంతిగింజలు చల్లాలి. మామూలు మట్టిలో చల్లిన గింజలతో సమానంగా మొలిస్తే అమ్మవచ్చు. సగం చచ్చిపోతే ఇంకో పదిహేను రోజులు ఆగాల్సిందే. పచ్చి ఎరువు వేసి మొక్క మాడితే ఆ ఇంటావిడ మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తుంది. ఆ తర్వాత సంచి కొనేవాడుండడు. సంచి మీద పేరు ముద్రించి సేంద్రియ ఎరువుగా దుకాణాల్లో అమ్మాలనుకుంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుంది. కాబట్టి ముందే వ్యవసాయ శాఖ కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కోవాలి.